మూడింటికే వెలిగిన దీపం

ఆ ఏడు వానలు ఆలస్యంగా వెనుదిరిగాయి. కాలవ అవతల ఇటుకలు ఆరడానికి నెల పట్టింది. దీపాల పండుగకు ఇంకా ఇరవై ఆరు రోజులు ఉండగానే మా కమిటీ మాత్రం నూనె, వత్తి అక్కర్లేకుండానే అంటుకుంది.

నేను ఆ కమిటీకి ఇరవై రెండేళ్లుగా కార్యదర్శిని. సభ్యులం తొమ్మిదిమందిమి. అధ్యక్షుడు మా తమ్ముడు. ఊళ్లో పిండిమిల్లు అతనిది, నేను ఉండేది అతని ఇంట్లోనే. ఉపాధ్యక్షుడు దర్జీ. కమిటీ నియమాలు మొత్తం పద్నాలుగు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు వల్లె వేయించిన ప్రార్థనలలో కొన్ని మరచిపోయి ఉంటాను గాని, ఆ పద్నాలుగింటిలో ఒక్క మాట తప్పను. ఏడో నియమం ఇది: మొదటి దీపం ఎవరు వెలిగించాలో ప్రతి ఏడూ కమిటీయే నిర్ణయించాలి, పండుగకు పదిరోజుల ముందు ఆ నిర్ణయాన్ని హాలు తలుపుకు అంటించాలి. అందులో మిల్లు ఇంటివారు అనే మాట ఎక్కడా లేదు. అయినా ముప్పై ఒక్క ఏళ్లుగా మొదటి దీపం మా తమ్ముడే వెలిగించాడు. అంతకు ముందు మా నాన్న. ఏటా ఏకగ్రీవం. ఆ ఏకగ్రీవాన్ని నేనే నా చేత్తో, గుండ్రటి అక్షరాలతో, మినిట్స్ పుస్తకంలో రాస్తూ వచ్చాను.

పండుగ తీరు తెలియనివారికి ఒక మాట. ఊరి హాలు ముందు అరుగు మీద మనిషెత్తు దీపస్తంభం ఉంటుంది. దానికి ఏడు మూతులు. మొదటి మూతిలో వత్తి వెలిగించి, దాని నుంచి మిగతా ఆరూ వెలిగిస్తారు. ఆ ఆరింటి నుంచి చేతి ప్రమిదల్లో మంట తీసుకుని వీధి తరువాత వీధి దాటిస్తారు. ప్రతి ఇంటి గుమ్మంలో దీపం ఆ ఒక్క మంట నుంచే రావాలి. హాలు పక్క వీధి మొదటిది. కాలవ మీది వంతెన దాటాక వచ్చే ఇటుకబట్టీ వీధి చిట్టచివరిది.

మొదటి సమావేశంలో దర్జీ లేచి, ఎప్పటిలాగే, "ఈ ఏడు కూడా మన మిల్లుగారే," అన్నాడు. నేను కలం మూత తీశాను. అప్పుడు బట్టీ వీధి మేస్త్రమ్మ చెయ్యి ఎత్తింది. నలభై అయిదేళ్ల మనిషి. అచ్చు పోసే నలభై మందిని నడిపిస్తుంది. ఆ వీధివాళ్లు ఊరికి వచ్చి పన్నెండేళ్లయినా, కమిటీలో వాళ్లకు చోటు దొరికింది ఆ ఏడే.

"ఇంకో పేరు చెప్పొచ్చా, సెక్రటరీగారూ?"

"చెప్పవచ్చు. నియమం ఉంది."

"అయితే నా పేరే చెబుతున్నా. ఎవరైనా బలపరుస్తారా, లేక అదీ నేనే చేసుకోవాలా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మా తమ్ముడు నవ్వలేదు. నేను కలం కింద పెట్టి, "నేను బలపరుస్తున్నాను," అన్నాను.

అతను నా వైపు తిరిగిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. కోపం కాదు. మెట్టు ఉందనుకుని కాలు వేసిన చోట మెట్టు లేకపోతే మనిషి ముఖం ఎలా అవుతుందో, అలా.

ఓట్లు తీసుకున్నాం. అధ్యక్షుడు మామూలుగా ఓటు వేయడు. మిగిలిన ఎనిమిదిమందిలో మిల్లుకు నాలుగు, బట్టీ వీధికి నాలుగు. సమానమైతే అధ్యక్షుడి ఓటుతో తేల్చాలి. తమ్ముడు నోరు తెరిచేలోగా నేను పదకొండో నియమం చదివాను: తన సంగతే తేలవలసినప్పుడు ఏ సభ్యుడూ కుర్చీలో ఉండరాదు, ఓటు వేయరాదు.

"అంటే నన్ను లెమ్మంటున్నావా, అక్కా?"

"నేను అనడం లేదు. నియమం అంటోంది."

"నియమానికి నోరెక్కడిది! ఆ నోరు నీదే."

లేచాడు. అదే నియమం ప్రకారం మేస్త్రమ్మ కూడా లేచి గోడ పక్కన నిలబడింది. దర్జీ అధ్యక్షుడి కుర్చీలోకి వచ్చాడు. కుర్చీలోకి వచ్చాడు గనుక అతని మామూలు ఓటు పోయింది. మిగిలినవాళ్లం ఆరుగురం. మళ్లీ లెక్కపెడితే మూడు, మూడు. తేల్చవలసిన ఓటు ఇప్పుడు దర్జీది. పండుగకు రెండు పక్షాలవాళ్లూ బట్టలు కుట్టించుకునేది అతని దగ్గరే. బట్టీ వీధి నుంచి వచ్చిన ఎనభై జతల గుడ్డ అతని కొట్టులో ఉంది. మిల్లు పక్క వీధుల గుడ్డ అంతకు రెట్టింపు ఉంది.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "నాకు కొంచెం... ఒక వారం ఇవ్వండి. కొలతలు చూడకుండా కత్తెర వెయ్యకూడదు కదా."

వాయిదా పడింది.

*

ఇంట్లో మా మరదలు నడిమధ్య చిక్కుకుంది. మంచి మనిషి. అత్తగారు లేని ఇంట్లో నన్ను అత్తగారిలా భరించింది.

"వదినా, మీకు న్యాయం కావాలంటే ఊళ్లో ఇన్ని ఇళ్లున్నాయి గదా, మన ఇంటితోనే మొదలుపెట్టాలా?" అంది, నాకు టీ గ్లాసు అందిస్తూ.

"ఇంటిని వదిలేసి ఊరిని దిద్దే న్యాయం అన్యాయం కంటే అన్యాయం."

"మీరు బళ్లో పిల్లలకు పాఠం చెప్పినట్టు మాట్లాడితే నాకు జవాబు రాదు. ఆయన మూడురోజుల నుంచి మిల్లులోనే తింటున్నారు. నేను గిన్నెలు మోసుకెళ్లలేక చస్తున్నా. మీరిద్దరూ పౌరుషాలకు పోతే కాళ్లు నొప్పులు నాకు."

ఆ సాయంత్రం మిల్లుకు వెళ్లాను. తమ్ముడు ఒక్కడే బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా పిండి. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ఉన్నాడు, చలి లేకపోయినా.

"చూడు," అన్నాను. "ముప్పై ఒక్కసార్లు చేశావు. ఒక్కసారి ఇంకొకరికి ఇస్తే ఏం పోతుంది?"

"నువ్వు అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణేమో. పదిమంది ముందు పుస్తకం తెరిచి చదివావు."

"ఇంట్లో అడిగి తెప్పించుకుంటే అది నీ దయ అవుతుంది. వాళ్లకు కావలసింది దయ కాదు."

"వాళ్లు, వాళ్లు! నేను నీకేమవుతానే, అక్కా?" అన్నాడు. "ఇప్పుడు వదిలేస్తే జనం ఏమనుకుంటారో తెలుసా? వీడికి ఇంక చేతకావడం లేదనుకుంటారు," అన్నాడు.

ఆ చివరి మాటను నేను పొగరు కింద జమ కట్టాను. విన్నదాన్ని విన్నట్టు రాసే అలవాటున్న నేను, ఆ మాటను మాత్రం విననే లేదని తరువాత తెలిసింది.

*

రెండో సమావేశానికి దర్జీ రాలేదు. వేలికి సూది గుచ్చుకుని జ్వరం వచ్చిందని కబురు పంపాడు.

"సూది గుచ్చుకుంటే జ్వరం వచ్చే దర్జీని ఇప్పుడే చూస్తున్నా," అంది మేస్త్రమ్మ. "చేపకు నీళ్లు పడలేదట!"

కుర్చీలో ఎవరూ లేకుండా ఓటు తేలదు. ఊరికే కూర్చున్నాం. అప్పుడు మిల్లు పక్షం సభ్యుడొకడు, వెటకారంగానే, "అసలు మీకీ పట్టుదల ఎందుకమ్మా? మంట మీ వీధికీ వస్తోంది కదా, ముందయితేనేం, వెనకయితేనేం," అన్నాడు.

ఈసారి మేస్త్రమ్మ గొంతులో పదును లేదు.

"రావడం లేదు," అంది.

"ఏమిటి?"

"మంట. మా వీధికి రావడం లేదు. పన్నెండేళ్లలో ఒక్కసారి వచ్చింది, గాలి లేని ఏడు. మిగతా అన్నిసార్లూ వంతెన మధ్యలో ఆరిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ తెచ్చుకుందామంటే అప్పటికి హాలు దగ్గర జనం భోజనాలకు కూర్చుంటారు, నవ్వుతారు. అందుకని అగ్గిపుల్ల గీసి వెలిగించుకుంటాం. వీధి అంతా. పిల్లలకు మాత్రం చెప్పం. ఊరి మంటే అని చెబుతాం." పైట చెంగుతో మెడ తుడుచుకుంది. "ఈ ఏడు మొదటి దీపం నేను వెలిగిస్తే, నా చేత్తో నేనే తీసుకుపోతాను. ఎవరి దయా అక్కర్లేదు. కాదంటారా, మా వైపు మేమే ఒక స్తంభం కట్టుకుంటాం. ఇటుకలకు కొదవా మాకు? కట్టుకున్నాక ఈ కమిటీలో నేను ఉండను. మా వీధీ ఉండదు."

నేను ఇరవై రెండు పండుగల మినిట్స్ రాశాను. ప్రతి ఏడూ చివరి వాక్యం ఒక్కటే: 'మంట అన్ని వీధులకూ క్షేమంగా చేరినది.' ఒక్కసారైనా వంతెన దాటి చూసి రాసింది కాదు.

గోడ దగ్గర నిలబడిన తమ్ముడి వైపు చూశాను. అతను నేలను చూస్తున్నాడు. కరగలేదని చెప్పలేను. కాని కరిగినవాడు కదలాలి కదా, అతను కదలలేదు.

*

మూడో సమావేశం పండుగకు పన్నెండు రోజుల ముందు. ఆ రోజు తేలకపోతే తలుపుకు అంటించడానికి కాగితమే ఉండదు. దర్జీ వచ్చాడు, వేలికి ఏ లోపం లేకుండా పెద్ద కట్టు కట్టుకుని మరీ వచ్చాడు. కుర్చీలో కూర్చుని, చెమటలు కక్కుతూ, "నేను ఆలోచించగా..." అని మొదలుపెట్టి, ఆ ఆలోచించగా దగ్గరే ఆగిపోయాడు.

అప్పుడు వెనక తలుపు తోసుకుని వత్తులమ్మ వచ్చింది.

ఆమెకు ఎనభై మూడేళ్లు. హాలు వెనక సామాను గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఉంటుంది. దీపస్తంభం తోమేది, నూనె పోసేది, ఏడు వత్తులూ చేసేది ఆమే. కమిటీలో సభ్యురాలు కాదు. సమావేశానికి ఆమెను ఎన్నడూ ఎవరూ పిలవలేదు, నాతో సహా. నడుము వంగి, తల మాత్రం నిక్కించి, తాబేలులా చూస్తూ నడుస్తుంది.

"కుడిచేతివాళ్లా, ఎడమచేతివాళ్లా?" అంది, గడప దగ్గర నుంచే.

"ఏమిటి పెద్దమ్మా?" అన్నాడు దర్జీ, మాట్లాడే పని తప్పినందుకు ప్రాణం లేచివచ్చినట్టు.

"వెలిగించేవాళ్లు. ఎడమచేతివాళ్లయితే వత్తి కొస అటు వంచాలి. వత్తులు ఇవాళ నూనెలో వెయ్యకపోతే నానవు. చెప్పండి, పోతాను."

"అదే తేలడం లేదు, పెద్దమ్మా. మొదటి దీపం ఎవరు వెలిగించాలనేదే గొడవ."

వత్తులమ్మ మా అందరి ముఖాలూ వరసగా చూసింది. "మొదటి దీపమా? అది మూడింటికే వెలిగి ఆరిపోతుంది కదా."

ఎవరికీ అర్థం కాలేదు. మాకు అర్థం కాకపోవడం ఆమెకు అర్థం కాలేదు.

"కొత్త వత్తి అగ్గి చూపించగానే అంటుకుంటుందనుకున్నారా? అంటుకోదు. చిటపటమంటుంది, పొగ కక్కుతుంది, ఆరుతుంది. కొస ఒకసారి కాలి నల్లబడాలి. నల్లబడిన కొస, మంట చూపిస్తే చాలు, పిలిస్తే పలికినట్టు అంటుకుంటుంది. అందుకని పండుగనాడు మధ్యాహ్నం మూడింటికి నా గదిలో వెలిగించి, గోధుమ గింజంత కాలనిచ్చి, చిదిమేస్తాను. నోటితో ఊదను, నూనె చిందుతుంది. సాయంత్రం మీరు అరుగు మీద వెలిగించేది ఒకసారి వెలిగిన వత్తినే." పళ్లు లేని నోటితో నవ్వింది. "యాభై ఏళ్ల నుంచి. ఇప్పుడు మీరు కొట్టుకునేది రెండో దీపం గురించి. కొట్టుకోండి మరి, నాదేం పోయింది!"

నా ఎదురుగా పుస్తకం తెరిచి ఉంది. అందులో 'మొదటి దీపమును వెలిగించినవారు' అనే గడిలో నేను రాసిన ఇరవై రెండు పేర్లూ తప్పే.

"అయితే ఈ ఏడు నువ్వే వెలిగించు, పెద్దమ్మా, అరుగు మీద!" అన్నారెవరో.

"నేను వెలిగించానని చెబుతుంటే మళ్లీ వెలిగించమంటావేం? చెవుడు నాకా, నీకా?" ఆమె దర్జీ వైపు తిరిగింది. "ఒరే అబ్బాయ్, నీ ఓటు నీ దగ్గరే దాచుకో. ఆ కట్టు కూడా విప్పు, గాలాడక నిజంగానే పుండు పడుతుంది. రేపు మూడింటికి వాళ్లిద్దరినీ నా గదికి పంపు. ఈ పిల్లను కూడా," అని నన్ను చూపించింది. నాకు అప్పుడు అరవై ఎనిమిదేళ్లు. "రాసుకోవడానికి ఎవరైనా ఉండాలి గదా."

కమిటీ తన పనిని వేరొకరికి అప్పగించాలంటే తీర్మానం కావాలి. నేనే రాశాను: మొదటి దీపం విషయమై వత్తులు చేయు పెద్దమ్మగారి మాటను కమిటీ స్వీకరించును. దర్జీ దాన్ని చదివిన వేగం ఆ కుర్చీలో అతను చూపిన ఏకైక వేగం. ఏకగ్రీవం. ఈసారి నిజమైనది.

*

ఆమె గది మూడు అడుగులు వేస్తే అయిపోతుంది. గోడకు దండెం, దాని మీద పిడికెడు పిడికెడుగా దూది. కిటికీ ఒకటే, కాలవ వైపు. మధ్యలో ముక్కాలి పీట మీద దీపస్తంభం పై పళ్లెం దించి పెట్టింది. మేస్త్రమ్మ ముందే వచ్చి కూర్చుంది. తమ్ముడు చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలికి రా, నాయనా. గుమ్మంలో నిలబడితే వెలుగు రాదు."

ముందు ఆమె పళ్లెంలో కొంచెం నూనె పోసి, అది ఏ పక్కకు చేరుతుందో చూసింది. కిటికీ పక్కకు చేరింది. పీట కాలి కింద మడిచిన గుడ్డ పెట్టింది. నూనె మధ్యకు వచ్చి నిలిచింది. "వాలు ఉంటే ఒక వత్తి మునుగుతుంది, ఒక వత్తి ఎండుతుంది. మునిగినదీ వెలగదు, ఎండినదీ వెలగదు," అంది. తరువాత నానిన వత్తిని రెండు వేళ్ల మధ్య లాగి అదనపు నూనె పిండింది. మూతిలో పెట్టి గింజంత కొస బయటికి తీసింది. ఒక్క పని కూడా రెండుసార్లు చేయలేదు. చదువుకున్న నేను, చదువు చెప్పిన నేను, ఏ విద్యలోనూ అంత తప్పు లేని చేతులను చూడలేదు.

"ఇది కాలని వత్తి," అంది. "నేను కాల్చకుండా మీకోసం ఉంచాను. వెలిగించండి. పెద్దవాడివి, ముందు నువ్వు."

తమ్ముడు అగ్గిపెట్టె అందుకున్నాడు. మొదటి పుల్ల గీయడానికి మూడుసార్లు పట్టింది. మంట వత్తి దాకా వెళ్లింది, వత్తిని దాటింది, వెనక్కి వచ్చింది, మళ్లీ దాటింది. వత్తి చిటపటమంది. పుల్ల అయిపోయింది. రెండో పుల్ల అతని వేళ్లలో ఆకులా వణుకుతూ ఆరిపోయింది. మూడోది నేల మీద పడింది.

నేను అతని చేతిని చూశాను. ఒక్క గోడ అవతల పడుకునే తమ్ముడి కుడిచేతిని, అది అలా అయి ఎన్నాళ్లయిందో తెలియకుండా, మొదటిసారి చూశాను. మిల్లులో ఒంటరి భోజనాలు, చంకల్లో దాచుకున్న వేళ్లు, చేతకావడం లేదనుకుంటారు అన్న మాట, అన్నీ ఒక్కసారిగా నా ముందు వచ్చి నిలబడ్డాయి. నల్లబడిన వత్తి అయితే మంట తగిలితే చాలు. ఇన్నేళ్లూ ఆ కొస అతని వణుకును కప్పింది. వత్తులమ్మకు అది తెలుసు. తెలిసి, కొస ఏటికేడు కొంచెం వెడల్పు చేస్తూ వచ్చిందని నాకు తరువాత వత్తులు పట్టి చూస్తే గాని తెలియలేదు.

మేస్త్రమ్మ కూడా చూసింది. చూసి, కిటికీ వైపు తల తిప్పుకుంది.

వత్తులమ్మ మాత్రం ఏమీ చూడనట్టు, "కొత్త వత్తి అంతే, మొండిది," అని అగ్గిపెట్టె మేస్త్రమ్మకు ఇచ్చింది. మేస్త్రమ్మ ఒక్క పుల్లతో గీసి, వత్తికి ఆనించి పట్టుకుంది. చిటపటలాడి, పొగ కక్కి, అంటుకుంది. అంటుకున్న మరుక్షణం కిటికీ నుంచి గాలి వచ్చి ఆర్పేసింది.

"అయ్యో!"

"అయ్యో ఏముంది, ఇదే గదా మీ వంతెన," అంది వత్తులమ్మ. "చేయి స్థిరంగా ఉంటే అంటుకుంటుంది. నిలవాలంటే స్థిరమైన చేయి చాలదు. గాలి పక్కన మనిషి ఉండాలి. పన్నెండేళ్లు మీ వీధివాళ్లు ఒక్కరే ప్రమిద పట్టుకుని వంతెన ఎక్కారు. ఒక చేత్తో ప్రమిద, ఒక చేత్తో అడ్డం. గాలి ఏ పక్కనుంచి వస్తే ఆ పక్కకు చేయి మార్చేలోగా ఆరిపోతుంది. నేను ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నన్ను అడిగినవాళ్లు లేరు, చెప్పడానికి నేను కమిటీని కాను." నా వైపు చూడకుండానే అంది; నా వైపు చూడనవసరం లేదు.

తరువాత తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని, దోసిలి విప్పినట్టు విప్పి, కిటికీకి వత్తికి మధ్య పెట్టింది. పెద్ద చేతులు అతనివి, బస్తాలెత్తిన చేతులు. "ఇలా ఉంచు. ఊళ్లో ఇంత వెడల్పు అరచేతులు ఇంకెవరికీ లేవు."

"పెద్దమ్మా, ఇవి కదలకుండా..." అని చేతులు వెనక్కి తీసుకోబోయాడు.

"కదలనీ. వెలిగించే చేతికి వణుకు పనికిరాదు. అడ్డం పెట్టే చేతికి వణుకు అడ్డం కాదు. గాలి కూడా కదులుతూనే ఉంటుంది గదా."

మేస్త్రమ్మ మళ్లీ పుల్ల గీసింది. వత్తి అంటుకుంది. కిటికీ నుంచి గాలి వచ్చింది. అతని అరచేతుల వెనక మంట వంగి, లేచి, నిలబడింది. గింజంత కాలాక వత్తులమ్మ దాన్ని వేళ్లతో చిదిమింది.

"ఇప్పుడు నీకు, పిల్లా. రాసుకో. ఈ ఏడు అరుగు మీద ఈమె వెలిగిస్తుంది. ఇతను గాలి పక్కన ఉంటాడు, వంతెన దాటేదాకా. మంట ముందు దూరపు వీధికి పోవాలి, తరువాత దగ్గరవాటికి. ప్రమిద నిండుగా, వత్తి కొత్తగా ఉన్నప్పుడు కష్టమైన దారి నడవాలి. మీరేమో దగ్గరివాళ్లకు ముందిచ్చి, అలిసిన మంటను వంతెన మీదికి పంపుతున్నారు. అన్నం పెట్టేటప్పుడు కూడా దూరపు పంక్తికి ముందు వడ్డిస్తే గదా చివరిదాకా చాలేది!"

నేను రాసుకున్నాను. నా న్యాయంలో ఒకరు గెలవాలి, ఒకరు లేచి గోడ పక్కన నిలబడాలి. ఆమె న్యాయానికి ఇద్దరూ కావలసి వచ్చారు.

తమ్ముడు అప్పటికీ చేతులు దించలేదు. మేస్త్రమ్మ మెల్లగా, "దించండి, బాబాయ్. ఆరిపోయింది," అంది. అంతవరకూ ఆమె అతణ్ణి మిల్లుగారూ అనే పిలిచేది.

*

పండుగకు పదిరోజులు ఉండగా, ఉదయాన్నే హాలు తలుపుకు కాగితం అంటించాను. చదివినవాళ్లు చదివి గుసగుసలాడారు. మిల్లాయన మెత్తబడ్డాడన్నారు కొందరు, అక్క పడగొట్టిందన్నారు కొందరు. తమ్ముడు అవన్నీ విన్నాడు. ఆ ఉదయమే అతణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. వెళ్లేటప్పుడు దారికి చెరో పక్కన నడిచినా, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒకే పక్కన నడిచాం.

పండుగ సాయంత్రం గాలి గట్టిగానే వీస్తోంది. అరుగు మీద మేస్త్రమ్మ మొదటి మూతికి మంట చూపించింది, పిలిస్తే పలికినట్టు అంటుకుంది. తమ్ముడు ఆమెకు ఎడమ పక్కన, గాలి వచ్చే వైపు, రెండు అరచేతులూ తెరిచి నిలబడ్డాడు. జనానికి అది మర్యాదలా కనిపించి ఉంటుంది. ప్రమిద నింపుకుని ఇద్దరూ వంతెన వైపు కదిలారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నేను పుస్తకం హాల్లో వదిలేసి వెనక నడిచాను.

వంతెన మధ్యలో గాలి ఒక్క ఊపున వచ్చింది. మంట నీలంగా ముడుచుకుపోయింది. తమ్ముడు అడ్డంగా, దాదాపు ఆమె మీద పడేంత దగ్గరగా జరిగి, అరచేతులు మంటకు ఆనించేశాడు. "నడు, నడు, ఆగకు," అన్నాడు. "ఆగితే గాలికి తెలిసిపోతుంది." ఆమె నడిచింది. అతను పక్కకు పక్కకు, పీతలా అడుగులు వేస్తూ నడిచాడు.

అవతల వీధి మొత్తం గుమ్మాల్లో నిలబడి ఉంది. మొదటి ఇంటి ముసలాయన చేతిలో ప్రమిద ఉంది గాని ముందుకు చాచడం మరచిపోయి మంటనే చూస్తున్నాడు.

"చూస్తావేమయ్యా, అందుకో!" అన్నాడు మా తమ్ముడు. "ఇక్కడ చేతులు కాలిపోతున్నాయి!"

అప్పుడు నవ్వారు. నవ్వుతూనే అందుకున్నారు. ఒక గుమ్మం, మరో గుమ్మం. వీధి చివరిదాకా దీపాలు నడిచి వెళ్లాయి.

మరునాడు ఉదయం వత్తులమ్మ గదికి వెళ్లాను. ఆమె పళ్లెం బూడిదతో తోముతోంది. మంట వంతెన దాటిందని చెప్పాను. కమిటీ తరఫున కృతజ్ఞతల తీర్మానం కూడా తెచ్చానన్నాను. పాత పుస్తకాలలో కొట్టివేతలు కుదరవు గనుక, ఇరవై రెండేళ్ల తప్పును కొత్త పేజీలో సవరణగా రాశానన్నాను. చదవనా అని అడిగాను.

"చదువు, వింటూ తోముకుంటా," అంది. విన్నాక, "బాగుంది. నీ రాత బాగుంటుందంటారు. వచ్చే ఏటికి గాలి పక్కన ఎవరు?" అంది.

"తమ్ముడే ఉంటాడేమో."

"వచ్చే ఏటికి అతని చేతులు ఎలా ఉంటాయో? నువ్వు ఉండు."

"నాకు పుస్తకం ఉంటుంది కదా, పెద్దమ్మా. రాయాలి."

ఆమె తోమడం ఆపి నన్ను చూసింది. "రాసేది తరువాత రాసుకోవచ్చు. ఆరిపోయేది తరువాత ఆపలేం."

మరుసటి ఏడు వంతెన మీద గాలి కుడిపక్క నుంచి వచ్చింది. నేను కుడిపక్కన నడిచాను.